కార్డు నుంచి అద్దె కట్ అయింది, ఓనర్‌కి చేరలేదు

ప్రశ్న: ఇంటి అద్దె 22,000 రూపాయలు ఒక యాప్‌లో క్రెడిట్ కార్డుతో కట్టాను. యాప్‌లో సక్సెస్ అనే చూపిస్తోంది, ఫీజులు కూడా పడ్డాయి. ఓనర్ మాత్రం ఒక్క రూపాయి కూడా రాలేదంటున్నారు. పది రోజులైంది, కార్డు బిల్లు గడువు దగ్గరకొచ్చేసింది. ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: యాప్‌లో కనిపించే ఆ 'సక్సెస్'ని ముందు పక్కన పెట్టండి. మీ కార్డు మీద చార్జ్ పడిందన్నంత వరకే దానికి అర్థం. ఆ డబ్బు మొదట యాప్ తరఫున వసూలు చేసే పేమెంట్ సంస్థకు చేరుతుంది. అక్కడి నుంచి ఓనర్ ఖాతాకు విడిగా ఇంకో ట్రాన్స్‌ఫర్ జరగాలి. మీ డబ్బు ఈ రెండో అంచెలో ఎక్కడో చిక్కుకుని ఉండొచ్చు.

అందుకే కస్టమర్ కేర్‌ని 'నా డబ్బు ఏమైంది' అని అడిగితే 'ప్రాసెస్‌లో ఉంది సార్' అన్న జవాబే వస్తుంది. ఓనర్ ఖాతాకు పంపిన ట్రాన్స్‌ఫర్ యూటీఆర్ నంబర్, అంటే ఆ ఒక్క ట్రాన్స్‌ఫర్‌ని గుర్తుపట్టే నంబర్, ఇమ్మని ఈమెయిల్‌లో అడగండి. ఆ నంబర్ ఇవ్వలేకపోతే డబ్బు వాళ్ల దగ్గరే ఉందని దాదాపు ఖాయం. ఇస్తే, ఓనర్‌ని ఆ నంబర్‌తో బ్యాంక్ స్టేట్‌మెంట్ చూడమనండి. ఎస్సెమ్మెస్ రాలేదు కాబట్టి డబ్బు రాలేదనుకునే వాళ్లు చాలామందే ఉంటారు.

యాప్‌లో మీరు ఎక్కించిన ఖాతా నంబర్‌ని ఓనర్ పాస్‌బుక్‌తో ఒక్కో అంకె సరిచూడండి. మన బ్యాంకులు ఇలాంటి ట్రాన్స్‌ఫర్లను ఖాతా నంబర్ చూసే జమ చేస్తాయి, పేరు కలిసిందా లేదా అన్నది సాధారణంగా చూడవు. తప్పు నంబర్‌తో ఖాతాయే లేకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. అది ఇంకొకరి ఖాతా అయితే మాత్రం తప్పు మీదవుతుంది, రాబట్టుకోవడం కష్టం.

నంబర్ సరిగ్గానే ఉండి, యూటీఆర్ కూడా రాలేదనుకుందాం. అప్పుడు ట్రాన్స్‌ఫర్ రద్దు చేసి కార్డుకే రీఫండ్ చేయమని యాప్‌కి రాతపూర్వకంగా చెప్పండి. ఓనర్‌కి అద్దె యూపీఐలో నేరుగా కట్టేయండి, ఈ గొడవతో ఆయనకు సంబంధం లేదు. పాత డబ్బు ఎప్పుడైనా వచ్చిపడితే వచ్చే నెల అద్దెలో సర్దుకుందామని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి, ఆయనతో సరే అనిపించుకోండి.

ఇక కార్డు బిల్లు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొత్తం బిల్లు 41,000 వచ్చిందనుకోండి. 'గొడవలో ఉన్న 22,000 ఎందుకు కట్టాలి' అని 19,000 మాత్రమే కడితే, కట్టని మొత్తం మీద వడ్డీ మొదలవుతుంది. కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. గడువులోపు రీఫండ్ వస్తే దాన్ని వెంటనే బిల్లులో సర్దాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. రాకపోతే మాత్రం, ఆ మొత్తాన్ని ప్రస్తుతానికి ఆపుతున్నామని బ్యాంక్ రాసిస్తే తప్ప, బిల్లు పూర్తిగా కట్టేయండి. చేతిలో నుంచి రెండుసార్లు అద్దె పోయినట్టు ఉంటుంది, నిజమే. కానీ కార్డు వడ్డీ కంటే అదే చవక.

యాప్ వారంలో తేల్చకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ చార్జ్ మీద అభ్యంతరం, వేయండి. కారణం 'సేవ అందలేదు' అని పెట్టండి. 'మోసం' అని పెట్టకండి, కార్డు వాడింది మీరే కాబట్టి అది నిలవదు. బ్యాంక్ దృష్టిలో డబ్బు తీసుకున్న వ్యాపారి యాపే, ఓనర్ కాదు. 'మేం పంపేశాం' అని యాప్ ఒక్క మాట అంటే ఫైలు మూసేసే ప్రమాదం ఉంది. అందుకే ఆ పది రోజుల్లో ఈ మొత్తం జమ కాలేదని చూపే ఓనర్ స్టేట్‌మెంట్ పేజీని (ఆయన మిగతా లావాదేవీలు కప్పేసి ఇచ్చినా చాలు) ముందే జతచేయండి. డిస్ప్యూట్‌కి గడువుంటుంది, వచ్చే నెల చూద్దాంలే అనుకోకండి.

ఫీజులు రెండు రకాలు, విడివిడిగా అడగాలి. యాప్ 1.5 శాతం తీసుకుని ఉంటే 330, దాని మీద 18 శాతం జీఎస్టీతో 389.40 రూపాయలు. చాలా బ్యాంకులు అద్దె చెల్లింపులకు విడిగా ఫీజు వేస్తాయి. అది 1 శాతమైతే 220, జీఎస్టీతో 259.60. మొత్తం 649. యాప్ రీఫండ్‌లో తరచూ 22,000 మాత్రమే వస్తుంది. సేవే అందనప్పుడు ఫీజు ఎందుకుంచుకున్నారని మెయిల్‌లో నిలదీయండి. బ్యాంక్ ఫీజు దానంతటదే వెనక్కి వస్తుందని నమ్మకండి, రీఫండ్ పడిన స్టేట్‌మెంట్ జతచేసి వాపసు అడగండి.

బ్యాంక్ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఫీజు లేదు. ఆ 30 రోజులు మీరు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన రోజు నుంచే లెక్క, కాబట్టి డిస్ప్యూట్ వేసిన రోజే ఆ మెయిల్ కూడా పంపండి.