గుర్తుల్లేని చౌరస్తాలో రెండు కార్లు ఒకేసారి వస్తే ఎవరు ఆగాలి?

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ, సుబేదారి. వచ్చే నెల ఉద్యోగం మీద సియాటెల్ వస్తున్నాను. ఇక్కడ కొన్నేళ్లుగా కారు నడుపుతున్నాను కాబట్టి డ్రైవింగ్ అంటే భయం లేదు. అక్కడ ఇళ్ల మధ్య చౌరస్తాల్లో సిగ్నల్ గానీ స్టాప్ బోర్డు గానీ ఉండదనీ, రెండు కార్లు ఒకేసారి వస్తే కుడివైపు వాళ్లకు దారి ఇవ్వాలనీ మా ఫ్రెండ్ చెప్పాడు. మన దగ్గర కూడా రూల్ అదే కదా. మరి కొత్తగా నేర్చుకునేది ఏముంది?

జవాబు: తమ్ముడూ, రూల్ అదేనన్న మాట నిజం. 1989 నాటి మన రోడ్డు నిబంధనల్లోనే, పెద్ద రోడ్డు మీదకి ఎక్కేటప్పుడు ఆ రోడ్డు మీద వచ్చే బండ్లకు, మిగతా చోట్ల కుడివైపు నుంచి వచ్చే బండ్లకు దారి ఇవ్వాలని రాశారు. సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర చట్టం కూడా, రెండు వాహనాలు దాదాపు ఒకే సమయానికి చౌరస్తాకు వస్తే ఎడమవైపు ఉన్నవాళ్లే కుడివైపు వాళ్లకు దారి వదలాలని చెబుతుంది. రూల్ మారలేదు. నువ్వు నడిపే పక్క మారింది. దాంతో నిన్ను ముందుగా తగిలే బండి వచ్చే దిక్కు కూడా మారుతుంది. మన ఊరి నుంచి వచ్చే పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు.

ఒక కాగితం మీద చౌరస్తా గీసి, రెండు అగ్గిపెట్టెలు పెట్టి చూడు. హనుమకొండలో నువ్వు ఎడమ పక్కన నడుపుతావు. చౌరస్తాలోకి కారు ముందుభాగం వెళ్లగానే మొదట దాటేది అడ్డరోడ్డులో నీకు దగ్గరగా ఉన్న సగం. ఆ సగంలో వచ్చేది కుడివైపు బండి. అంటే నువ్వు దారి ఇవ్వాల్సిన బండి, నిన్ను ముందుగా తగలగలిగే బండి ఒకటే. అందుకే నీ కళ్లు అలవాటుగా కుడివైపే పోతాయి, మన దగ్గర అది సరైన అలవాటే.

ఇప్పుడు అగ్గిపెట్టెలను రోడ్డుకు కుడి పక్కకు మార్చు. అమెరికాలో నీకు దగ్గరి సగంలో వచ్చేది ఎడమవైపు కారు. కుడివైపు కారు అవతలి సగంలో వస్తుంది. నువ్వు దారి ఇవ్వాల్సింది కుడివైపు కారుకు, నీకు దారి ఇవ్వాల్సింది ఎడమవైపు కారు. కానీ ఆ ఎడమవైపు డ్రైవర్ చూసుకోకుండా వచ్చేస్తే మొదట తగిలేది అదే. అక్కడ స్టీరింగ్ కూడా ఎడమవైపే ఉంటుంది కాబట్టి తగిలేది నీ తలుపుకే. పాత అలవాటుతో కుడివైపు ఒక్కటే చూసి, ఎవరూ లేరు కదా అని ముందుకు పోతే ప్రమాదం. అందుకే ముందు ఎడమకు, తర్వాత కుడికి, లోపలికి పోయే ముందు మళ్లీ ఎడమకు చూడడం అలవాటు చేసుకో. ఎడమకు చూడడం నీ ప్రాణం కోసం, కుడికి చూడడం చట్టం కోసం.

ఇంకో మాట కూడా గట్టిగా పట్టుకో. అక్కడి చట్టం ఎవరు ఆగాలో చెబుతుంది తప్ప, ఫలానా వాళ్లు దూసుకుపోవచ్చని చెప్పదు. నీ కుడివైపు ఎవరూ లేకపోయినా, ఎడమవైపు కారు వేగం తగ్గించడం కంటికి కనిపించాకే కదులు. దాని ముందుభాగం కాస్త కిందికి వంగినట్టు కనిపిస్తే బ్రేక్ వేశారని అర్థం. డ్రైవర్ ముఖం నీవైపు తిరిగి ఉంటే ఇంకా మంచిది.

ఇక ముగ్గురు ఒకేసారి వచ్చిన సందర్భం చూద్దాం, చాలామంది తడబడేది ఇక్కడే. నువ్వు దక్షిణం నుంచి ఉత్తరానికి వస్తున్నావు, చౌరస్తాలో ఎడమకు తిరగాలి. నీ కుడివైపు, అంటే తూర్పు నుంచి, తెల్ల కారు పడమరకు నేరుగా పోతోంది. ఎదురుగా ఉత్తరం నుంచి ఎర్ర కారు దక్షిణానికి నేరుగా వస్తోంది. తెల్ల కారు నీకు కుడివైపు ఉంది కాబట్టి దానికి నువ్వు ఆగాలి. ఎడమకు తిరిగేవాళ్లు ఎదురుగా వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి కాబట్టి ఎర్ర కారుకు కూడా నువ్వే ఆగాలి. ఇప్పుడు తెల్ల కారులో కూర్చున్నట్టు ఊహించుకో. ముఖం పడమరకు ఉంటే కుడిచేయి ఉత్తరం వైపు, అంటే ఎర్ర కారు వైపు ఉంటుంది. కాబట్టి తెల్ల కారు ఎర్ర కారుకు ఆగాలి. ఎర్ర కారుకు కుడివైపు పడమర, అటు ఎవరూ లేరు. ముందు ఎర్ర కారు, తర్వాత తెల్ల కారు, చివర నువ్వు. ప్రతి కారులో నువ్వే కూర్చుని చూసుకుంటే ఏ లెక్క అయినా తేలుతుంది.

నాలుగు వైపుల నుంచీ నాలుగు కార్లు ఒకేసారి వస్తే మాత్రం ఈ రూల్ ముడిపడిపోతుంది. ప్రతి ఒక్కరికీ కుడివైపు ఒకరుంటారు కదా. అప్పుడు అందరూ ఆగి, ఒకరు చెయ్యి ఊపి ఇంకొకరిని పంపడం తప్ప వేరే దారి లేదు. అక్కడ హారన్ కొట్టకు. మన దగ్గర హారన్ అంటే నేను వస్తున్నానని చెప్పడం, అక్కడ అది తిట్టినట్టు వినిపిస్తుంది.

అసలు ఆ చౌరస్తాకు గుర్తులు లేవని ఎలా తెలుస్తుంది? నీ వైపు బోర్డు లేనంత మాత్రాన అడ్డరోడ్డుకూ లేదని అనుకోకు. అమెరికాలో స్టాప్ బోర్డు ఎనిమిది మూలలతో, దారి ఇవ్వమనే బోర్డు తలకిందులు చేసిన త్రికోణంలా ఉంటాయి. వెనక నుంచి చూసినా ఆకారం తెలిసిపోతుంది. అడ్డరోడ్డు పక్కన అలాంటి బోర్డు వీపు కనిపిస్తే అటువాళ్లు ఆగాలి. రెండు వైపులా ఏదీ లేకపోతేనే కుడివైపు లెక్క. నీ బోర్డు చెట్టు కొమ్మ వెనక దాగి ఉండవచ్చు, అది కూడా చూసుకో. సిగ్నల్ ఉండి కరెంటు పోయి ఆరిపోతే అది ఈ లెక్కలోకి రాదు. వాషింగ్టన్‌లో దాన్ని నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉన్నట్టే భావించి, పూర్తిగా ఆగాలి.

సియాటెల్‌లో బాలర్డ్, వాలింగ్‌ఫర్డ్ లాంటి పాత కాలనీల్లో ఇలాంటి చౌరస్తాలు ఎక్కువ. రోడ్డుకు రెండు పక్కలా కార్లు నిలిపి ఉంటాయి, మూల దాకా వస్తే గానీ అడ్డరోడ్డు కనిపించదు. అక్కడి ఇళ్ల మధ్య వేగం హద్దు 20 మైళ్లు. ఆ వేగంలో సెకనుకు 29 అడుగులు పోతావు. నీ కాలు బ్రేక్ మీదకి వచ్చేసరికే కారు 40 అడుగులు దాటేస్తుంది. మూల కనిపించనప్పుడు 10 మైళ్లకు దిగు, బ్రేక్ మీద కాలు ముందే పెట్టుకో. కాలిబాట మీద మనిషి రోడ్డు దాటడానికి దిగితే ఆగాలి. రోడ్డు మీద తెల్ల గీతలు లేకపోయినా ప్రతి చౌరస్తా మూలా చట్టం దృష్టిలో పాదచారులు దాటే చోటే.

తర్వాత ఎప్పుడైనా కాలిఫోర్నియా మారితే, మూడు దారులు కలిసే చోట రూల్ వేరు. అక్కడ ముగిసిపోయే రోడ్డు మీద నుంచి వచ్చేవాళ్లే, ఏ వైపున ఉన్నా, నేరుగా సాగే రోడ్డు వాళ్లకు దారి ఇవ్వాలి. లండన్‌లో ఉండే మీ వాళ్లకు ఈ జవాబు పంపకు. బ్రిటన్‌లో గుర్తుల్లేని చౌరస్తాలో ఎవరికీ ముందు హక్కు లేదు, కుడివైపు లెక్క అక్కడ చెల్లదు.