పెనం బంకబంకగా ఉంటే

"వన్‌టౌన్‌లో కొన్న క్యాస్ట్ ఐరన్ పెనానికి మూడుసార్లు నూనె రాసి కాల్చాను. ఇంకా చేతికి బంకగా తగులుతోంది, అట్టు లేవట్లేదు."

నూనె ఎక్కువైంది. మందంగా రాస్తే పూర్తిగా గట్టిపడక పైన బంకలా మిగిలిపోతుంది.

1. వేడినీళ్లు, సబ్బు, స్టీలు పీచుతో ఆ బంక వదిలేదాకా తోమండి. సన్నమంట మీద తడి ఆర్చండి.

2. వెచ్చగా ఉండగానే అర చెంచా నూనె అంతటా రాయండి, పిడికి కూడా.

3. చాలామంది వదిలేసేది ఇదే. పొడి నూలుగుడ్డతో ఆ నూనెంతా తుడిచేయండి, పొరపాటున రాసినట్టు. అంచుల్లో ఎక్కువ నిలుస్తుంది, అక్కడ ఇంకోసారి. పెనం తడిగా మెరవకూడదు, ఆరినట్టు కనిపించాలి.

4. కిటికీలు తీసి, పొగ వచ్చి తగ్గేదాకా మీడియం మంట మీద కాల్చండి. చల్లారాక మళ్లీ రాసి, మళ్లీ తుడిచి కాల్చాలి. మా పెనానికి నాలుగు పూతలు పట్టాయి.

నాన్‌స్టిక్‌కి మాత్రం ఇలా చేయకండి. ఖాళీగా కాలిస్తే పూత పాడై విషపు పొగలు వస్తాయి.