పుషప్‌లో రెక్క ఎముకలు కదలాలా, బిగించి ఉంచాలా?

ప్రశ్న: పుషప్ చేసేటప్పుడు రెక్క ఎముకలను వెనక్కి బిగించి అలాగే ఉంచాలని మా జిమ్‌లో చెబుతున్నారు. అలా చేస్తే నాకు భుజం ముందు వైపు నొప్పిగా ఉంటోంది. వాటిని కదలనిస్తే ఏమైనా ప్రమాదమా?

జవాబు: కదలనివ్వాలి. బిగించి ఉంచమనే సలహా బెంచ్ ప్రెస్‌కు చెందినది. అక్కడ వీపు కింద బల్ల ఉంటుంది, చేతుల్లో బరువు ఉంటుంది కాబట్టి రెక్కలను బల్లకు అదిమిపెట్టి గట్టి ఆధారంగా వాడుకుంటారు. పుషప్‌లో వీపు వెనుక ఏమీ ఉండదు. అరచేతులు నేలకు ఆనుకొని కదలకుండా ఉంటే, మొండెమే పైకీ కిందికీ కదులుతుంది. నేను కూడా దాదాపు రెండేళ్లు ఆ సలహానే పాటించి కుడి భుజంలో సరిగ్గా మీరు చెప్పిన నొప్పినే తెచ్చుకున్నాను.

రెక్క ఎముక, అంటే స్కాపులా, పక్కటెముకల మీద ఆని ఉంటుందే తప్ప వాటికి ఏ కీలుతోనూ అతికి ఉండదు. ఎముకల పరంగా మొండెంతో దానికున్న బంధం ముందువైపు కాలర్‌బోన్ ఒక్కటే, మిగిలినదంతా కండరాల పట్టు. జబ్బ ఎముక గుండ్రటి తల కూర్చునే గుంట కూడా ఈ రెక్క ఎముక అంచులోనే ఉంటుంది కాబట్టి, చెయ్యి కదులుతున్నప్పుడు రెక్క కూడా వెంట జరిగి గుంటను సరైన దిశకు తిప్పుతూ ఉండాలి.

పుషప్‌లో ఛాతీ నేలవైపు దిగుతున్నప్పుడు రెండు రెక్కలు మెల్లగా వెన్ను దగ్గరకు చేరతాయి. పైకి లేస్తున్నప్పుడు అవే పక్కటెముకల వంపు వెంట దూరంగా, ముందుకు జారతాయి. వాటిని అలా ముందుకు లాగే ప్రధాన కండరం పేరు సెరేటస్ యాంటీరియర్. అది పై ఎనిమిది, తొమ్మిది పక్కటెముకల మీద రంపపు పళ్లలా మొదలై, రెక్క ఎముక కింది నుంచి వెనక్కి వెళ్లి, వెన్నుకు దగ్గరగా ఉండే అంచును పట్టుకుంటుంది. అందుకే అది రెక్కను ముందుకు లాగడమే కాకుండా, పక్కటెముకలకు అంటిపెట్టుకునేలా అదిమి ఉంచుతుంది కూడా. మోచేతులు పూర్తిగా చాచిన తరువాత కూడా నేలను ఇంకొంచెం తోస్తే మొండెం మరికాస్త పైకి లేస్తుంది. ఈ కండరం బాగా పనిచేసేది ఆ చివరి కొద్దిపాటి దూరంలోనే. రెక్కలను బిగించి ఉంచితే ఆ దూరం ఎప్పటికీ రాదు, కదలిక భారమంతా జబ్బ కీలు మీదే పడుతుంది.

నా విషయంలో ఇది ఒక వీడియోలో బయటపడింది. మిత్రుడు వెనుక నుంచి ఫోన్‌తో తీసినప్పుడు, కిందికి దిగేటప్పుడు కుడి రెక్క లోపలి అంచు చర్మం కింద గట్టులా పైకి లేచి కనిపించింది, ఎడమవైపు అంతగా లేదు. ఫిజియోథెరపిస్టు నన్ను పుషప్‌లు ఆపమని, గోడ దగ్గర నిలబెట్టి ఒకే కదలిక నేర్పించారు. అరచేతులు భుజాల ఎత్తులో గోడకు ఆనించి, మోచేతులు వంచకుండా, ఛాతీని గోడవైపు వాలనివ్వాలి. అప్పుడు రెక్కలు దగ్గరవుతాయి. తరువాత గోడను తోస్తూ వాటిని దూరం చేయాలి. రోజు విడిచి రోజు పదేసి చొప్పున మూడు విడతలు చేశాను. మూడు వారాలకు వంటింటి గట్టు ఎత్తుకూ, మరో మూడు వారాలకు మోకాళ్లు నేలకు ఆనించే స్థితికీ, ఆ తరువాతే మామూలు పుషప్‌కూ వచ్చాను. నొప్పి ఎక్కువైతే పై మెట్టుకు వెళ్లకూడదన్నది ఆయన పెట్టిన నియమం.

ఈ కదలికలో నేను చేసిన తప్పు, రెక్కలను దూరం చేయడానికి బదులు వీపు పైభాగాన్ని గూనిలా వంచి తల వేలాడేయడం. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, కానీ గూనిలో వంగేది వెన్ను, రెక్కలు కాదు. పక్క నుంచి వీడియో తీస్తే తేలికగా తెలుస్తుంది: తల వెన్నుతో ఒకే వరుసలో ఉండి, రొమ్ము ఎముక మాత్రమే నేలనుంచి కొద్దిగా దూరం జరగాలి. భుజాలు చెవుల వైపు లేస్తుంటే మెడ కండరాలు ఆ పనిని లాక్కుంటున్నాయని అర్థం.

మామూలు పుషప్‌కు వచ్చాక రెక్కల గురించి పదేపదే ఆలోచించనవసరం లేదు. మోచేతులను మొండెం నుంచి సుమారు 45 డిగ్రీల దూరంలో ఉంచి, దిగేటప్పుడు రెక్కలను వాటంతటవే దగ్గరవనిచ్చి, పైన చివర నేలను పూర్తిగా తోస్తే చాలు. వాటిని బలవంతంగా నొక్కిపట్టడం కూడా తప్పే.

రెక్క అంచు కొద్దిగా పైకి కనిపించడం నొప్పి లేనివారిలోనూ ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. కానీ ఒకవైపు రెక్క ఉన్నట్టుండి బాగా బయటికి పొడుచుకొచ్చి, ఆ చెయ్యి తలపైకి ఎత్తడం కష్టమైతే సెరేటస్‌కు వెళ్లే నరం దెబ్బతిని ఉండవచ్చు. అలాంటప్పుడు వ్యాయామంతో సరిచేసుకోవాలని చూడకుండా, ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి.