టెక్ సందేహాలు: 46 వేల వ్యూస్ వచ్చిన రీల్ గెలిచినట్టేనా?

ప్రశ్న: బరంపురంలో మాకు పట్టుచీరల కొట్టు ఉంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసే అబ్బాయి నెలాఖరున ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపుతాడు. ఒక రీల్‌కి 46 వేల వ్యూస్ వచ్చాయి, రీల్సే బాగా పోతున్నాయి, ఫొటోలు మానేద్దాం అంటున్నాడు. మా ఫాలోవర్లు 4 వేల మందే. ఆ లెక్కన ఏ రకం పోస్టుకి స్పందన బాగుందో నేనే ఎలా తేల్చుకోవాలి? 12 పోస్టుల స్క్రీన్‌షాట్లు జత చేశాను. (ఒక పాఠకురాలు, గంజాం జిల్లా)

జవాబు: ముందు Views అంకెను పక్కన పెట్టండి. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే అది మూడుగా లెక్కకొస్తుంది. మీకు కావలసింది ఆ కిందనే ఉండే Interactions. లైకులు, కామెంట్లు, షేర్లు, సేవ్‌లు అన్నీ అందులో కలిసే ఉంటాయి. పోస్ట్ కింద View insights నొక్కి కిందికి జరిపితే ఒక్కో అంకె పక్కన దాని పేరు కూడా కనిపిస్తుంది. పైన బొమ్మల వరుసలో ఉన్న అంకెలు చూసి రాసుకోకండి. షేర్ల అంకె సేవ్‌ల గడిలో పడేది అక్కడే.

ఈ Interactions ను ఫాలోవర్ల సంఖ్యతో భాగించి 100తో గుణిస్తే శాతం వస్తుంది. ఇంతవరకు అందరూ చేస్తారు. తేడా కొట్టేది ఏ రోజు ఫాలోవర్లతో భాగించారన్న దగ్గర. మీ మొదటి కారొసెల్, అంటే పక్కకి జరుపుతూ చూసే ఫొటోల వరుస, పెట్టిననాడు మీ ఫాలోవర్లు 3,200. దానికి వచ్చిన స్పందనలు 128. ఆనాటి లెక్కలో అది 4 శాతం. ఈరోజున్న 4,000తో భాగిస్తే 3.2 శాతానికి పడిపోతుంది. పోస్ట్ మారలేదు, స్పందనా మారలేదు, పాత పోస్టుకి అన్యాయం జరిగిందంతే. పాత సంఖ్య తెలియకపోతే, ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్ల పేజీకి వెళ్లి ఆ తేదీ నుంచి వచ్చినవాళ్లలోంచి మానేసినవాళ్లను తీసేయండి. మిగిలినదాన్ని నేటి సంఖ్యలోంచి తగ్గిస్తే చాలు. ఇకమీదట ప్రతి సోమవారం ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ ఒకటి తీసి ఉంచమనండి. పది వేలు దాటితే ప్రొఫైల్‌లో అంకె 10.4K అని సుమారుగానే కనిపిస్తుంది కాబట్టి ఈ అలవాటు ఇప్పుడే చేసుకోవడం మేలు.

ఇక మీ రీల్స్. నాలుగింటికి వచ్చిన శాతాలు వరుసగా 2.75, 2.74, 39.4, 2.75. సగటు తీస్తే దాదాపు 12. పేజీ చూసే అబ్బాయి రీల్సే బాగా పోతున్నాయంటున్నది ఈ అంకె చూసే అయుండాలి. ఆ 12 శాతం మాత్రం మీ రీల్స్‌లో ఒక్కదానికీ రాలేదు! మూడు రీల్స్ 3 శాతం లోపే ఉన్నాయి, ఆ 46 వేల వ్యూస్ రీల్ ఒక్కటే ఆకాశాన ఉంది. ఇలాంటి చోట సగటు పనికిరాదు, మధ్యస్థం చూడాలి. అంటే చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి నడుమ ఉన్నది తీసుకోవడం, నాలుగు ఉంటే నడుమ రెండింటి సగటు. అలా చూస్తే రీల్స్‌కి 2.75, ఫొటోల వరుసలకి 4.36, ఒంటి ఫొటోలకి 1.6 వస్తున్నాయి. అబ్బాయి మాట ఒంటి ఫొటోల వరకు నిజమే. ఫొటోల వరుసలు మానేస్తే మాత్రం మీకున్న మంచి సరుకే పోతుంది.

గూగుల్ షీట్‌లో A నిలువు వరుసలో తేదీ, Bలో రకం, అంటే రీల్‌కి R, కారొసెల్‌కి C, Cలో స్పందనలు, Dలో ఆనాటి ఫాలోవర్లు రాసుకోండి. E2లో మొదటి సూత్రం పెట్టి కిందికి లాగండి. రెండోది B, E వరుసల్లో కాకుండా వేరే ఏదైనా ఖాళీ గడిలో పెడితే రీల్స్ మధ్యస్థం ఇస్తుంది. R బదులు C అని రాస్తే ఫొటోల వరుసలది వస్తుంది.

```
=C2/D2*100
=MEDIAN(FILTER(E:E, B:B="R"))
```

ఆ 46 వేల వ్యూస్ రీల్ సంగతి విడిగా చూడాలి. దానికి 1,420 స్పందనలు వచ్చాయి. స్క్రీన్‌షాట్‌లో Interactions చక్రం కింద Followers 6%, Non-followers 94% అని ఉంది. అంటే మీ ఫాలోవర్ల నుంచి వచ్చినవి 85 మాత్రమే. ఆనాటి 3,600తో భాగిస్తే 2.4 శాతమే. అదే రోజుల్లో పెట్టిన కారొసెల్‌కి 164 స్పందనలు. అందులో 85 శాతం ఫాలోవర్లవే, అంటే 139. శాతం 3.9. మీవాళ్లను పలకరించే పని ఫొటోల వరుసలు చేస్తున్నాయి, కొత్తవాళ్లను గుమ్మం దాకా తెచ్చే పని రీల్ చేసింది. ఆ రెంటినీ ఒకే కొలతతో పోల్చడమే అసలు తప్పు. ఆ కారొసెల్‌కి సేవ్‌లు 41, రీల్‌కి 22 అన్నది కూడా గమనించండి. నా మటుకు చీరల కొట్టుకి ఒక సేవ్ పది లైకుల పెట్టు. మళ్లీ చూసుకోవాలనుకునే మనిషే దాన్ని నొక్కుతుంది.

మీ స్క్రీన్‌షాట్లలో ఒక లోపం ఉంది. అన్నీ నెలాఖరున ఒకే రోజు తీసినవి. ఫొటో స్పందన చాలావరకు రెండు మూడు రోజుల్లో ఆగిపోతుంది, రీల్‌కి వారాల తరబడి వస్తూ ఉండొచ్చు. 3వ తారీకు రీల్‌ని 28వ తారీకు రీల్‌తో పోలిస్తే మొదటిదానికి అదనంగా 25 రోజులు దక్కినట్టు. ప్రతి పోస్టుకీ సరిగ్గా ఏడో రోజున తీయమనండి. స్క్రీన్‌షాట్ తీసిన తేదీ గ్యాలరీలో ఫైలు వివరాల్లో ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చినదానికి అది మారిపోతుంది కాబట్టి స్క్రీన్‌షాట్‌తో పాటు తేదీ కూడా రాసి పంపితే గొడవ ఉండదు.

డబ్బు పెట్టి బూస్ట్ చేసిన పోస్టుల్ని ఈ పట్టికలోకి రానివ్వకండి. ఇంకో పేజీతో కలిసి కొలాబ్‌గా పెట్టినవి కూడా అంతే. వాటి లైకుల్లో ఆ పేజీ ఫాలోవర్లవీ కలుస్తాయి, మీ ఒక్కరి సంఖ్యతో భాగిస్తే శాతం ఉబ్బిపోతుంది.

ఇంత చేసినా రకానికి నాలుగు పోస్టులంటే తక్కువే. కనీసం ఎనిమిదైనా ఉంటే అప్పుడు గట్టిగా చెప్పొచ్చు. పైగా మీ కారొసెల్స్ అన్నీ ధరలు వేసిన పెళ్లి చీరలు, రీల్స్ అన్నీ కొట్టులో సందడి. గెలిచింది రకమా, చీరా? తేల్చాలంటే ఒకే రకం చీరలతో ఒక వారం రీల్, మరుసటి వారం అదే రోజు, అదే వేళ ఫొటోల వరుస పెట్టండి. ఇలా కనీసం నాలుగు జతలైనా చూడండి. రజో పండుగ, దసరా వారాల్లో మాత్రం ఈ పరీక్ష వద్దు, అప్పుడు ఏది పెట్టినా స్పందన లేస్తుంది. క్యాప్షన్ ఒడియాలో రాశారా తెలుగులో రాశారా అన్నది కూడా రెండు వారాలూ ఒకటే ఉంచండి. మీ ఊళ్లో అది చిన్న తేడా కాదు.

చివరిగా, ఆ 46 వేల వ్యూస్ రీల్ తర్వాత కొత్తగా చేరినవాళ్లు ఎక్కడివాళ్లో ఫాలోవర్ల పేజీలో Top locations తెరిచి చూడండి. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం పైన ఉంటే అలాంటి రీల్ నెలకొకటి చేయించడం దండగ కాదు. దూరపు నగరాలే పైన ఉండి మీరు కొరియర్ పంపకపోతే, ఆ ఖర్చు ఫొటోల వరుసల మీద పెట్టండి.