రెండు అంగళ్లూ వీధి మధ్యకే ఎందుకు చేరతాయి?

ప్రశ్న: మాది చిత్తూరు. బీఏ ఎకనామిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఎంఏ ఎంట్రన్స్ మోడల్ పేపర్లో, ఒకే వీధిలో రెండు అంగళ్లు ఎక్కడ పెడతారని అడిగారు. ఈ చివర నుంచి పావు దూరంలో ఒకటి, ఆ చివర నుంచి పావు దూరంలో ఇంకొకటి అని రాశాను. తప్పట. రెండూ మధ్యలోనే అంటున్నారు. పక్కపక్కన పెట్టుకుంటే ఇద్దరికీ నష్టమే కదా? అంగళ్లకు చోటు చూసే ఉద్యోగాలంటే నాకు ఇష్టం. అక్కడ ఈ లెక్క పనికొస్తుందా?

జవాబు: నష్టపోయేది అంగడివాళ్లు కాదమ్మా, వీధిలో జనం. మీరు పొరబడింది అక్కడే. లెక్క వేసి చూద్దాం.

కిలోమీటరు పొడవున్న తిన్నని వీధి ఒకటి ఉందనుకోండి. పది మీటర్లకు ఒక ఇల్లు చొప్పున వంద ఇళ్లు. ఇంటికి రోజూ ఒక పాల ప్యాకెట్ తప్పనిసరి. ధర ప్యాకెట్ మీదే ముద్రించి ఉంటుంది, రెండు అంగళ్లలోనూ అదే ధరకు అమ్ముతారు. కాబట్టి ఎవరైనా దగ్గరున్న అంగడికే పోతారు. రెండు అంగళ్లకూ సరిగ్గా నడిమధ్యన ఒక గీత గీస్తే, ఇటు ఇళ్లన్నీ మొదటివాడివి, అటు ఇళ్లన్నీ రెండోవాడివి.

మీరు చెప్పినట్టే 250 మీటర్ల దగ్గర ఒకటి, 750 దగ్గర ఒకటి పెట్టారనుకుందాం. గీత 500 దగ్గర పడుతుంది, చెరో 50 ఇళ్లు. ఇప్పుడు మొదటివాడు తన అంగడిని 450కి జరిపాడు. గీత 600కి పోయింది, అతనికి 60 ఇళ్లు వచ్చాయి. వెనకున్న ఇళ్లవాళ్లు ఎక్కువ దూరం నడవాల్సి వచ్చినా అతన్ని వదిలిపోలేరు, అవతలి అంగడి ఇంకా దూరం కదా. రెండోవాడు ఊరుకుంటాడా? 470కి వచ్చి కూర్చుంటాడు. గీత 460 దగ్గర, అతనికి 54 ఇళ్లు. మొదటివాడు అతన్ని దాటి 490కి పోతే 52 ఇళ్లు. ఇలా ఒకరినొకరు దాటుకుంటూ పోయి ఇద్దరూ 500 దగ్గర ఆగుతారు. అక్కడి నుంచి ఎటు జరిగినా, జరిగినవాడికి 50 కంటే తక్కువే వస్తాయి. ఎవరికీ కదలాలనిపించని ఈ స్థితినే నాష్ సమతాస్థితి అంటారు. పేపర్లో అడిగింది దీన్నే.

ఇప్పుడు మీ నష్టం మాట. మొదట్లోనూ చెరో 50 ఇళ్లే, చివర్లోనూ చెరో 50 ఇళ్లే. ఇద్దరి అమ్మకంలో ఒక్క ప్యాకెట్ తేడా లేదు. కానీ జనం సగటున నడిచే దూరం 125 మీటర్ల నుంచి 250 మీటర్లకు పెరిగింది. మీ జవాబు జనానికి అన్నిటికంటే మేలైన అమరికే, కాకపోతే ఇద్దరూ ఇష్టపడి అక్కడే ఉంటేనే నిలుస్తుంది. మున్సిపాలిటీ చోట్లు కేటాయించే వీధిలో అయితే అదే సరైన జవాబు. ప్రశ్నలో చోటు ఎంచుకునేది ఎవరన్నది ముందు చూసుకోండి.

ఈ లెక్కకు పునాది 1929లో హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికా ఆర్థికవేత్త రాసిన వ్యాసం. ఎంట్రన్స్‌లో చాలామంది జారేది మాత్రం ధర దగ్గర. పాల ప్యాకెట్‌లా ధర ముందే ఖాయమైతేనే మధ్యకు చేరడం. ధర కూడా అంగడివాళ్లే పెట్టుకోవచ్చంటే కథ మారిపోతుంది. పక్కపక్కనే ఉన్నప్పుడు ఒకడు అర్ధరూపాయి తగ్గిస్తే జనమంతా అటే పోతారు, అవతలివాడూ తగ్గిస్తాడు, చివరికి ఇద్దరికీ లాభం మిగలదు. ఆ భయంతో దూరంగా జరగాలని చూస్తారు. ధరలు వాళ్లే పెట్టుకున్నా మధ్యకే చేరతారని హోటెలింగ్ అనుకున్నాడు. అది నిలవదని దాస్ప్రెమోం, గాబ్జెవిచ్, టిస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 1979లో చూపించారు. నడక కష్టం దూరం వర్గంతో పెరిగితే, అంటే దూరం రెట్టింపైతే కష్టం నాలుగింతలైతే, ఇద్దరూ వీధి రెండు చివరలకూ పోతారని కూడా వాళ్లే తేల్చారు. అందుకే పేపర్లో ధర గురించి ఏమన్నారో చూడకుండా పెన్ను కదపకండి.

మూడో అంగడి వస్తే మధ్య కూడా నిలవదు. ముగ్గురూ 500 దగ్గరుంటే తలా 33 ఇళ్లు. ఒకడు 480కి జరిగితే వాడికి 49. ఇంకొకడు 520కి పోతే వాడికీ 49. నడుమ చిక్కినవాడికి మిగిలేది రెండే ఇళ్లు, వాడూ బయటికి దూకాల్సిందే. ఆ పరుగుకు ముగింపు లేదు.

ఇక ఉద్యోగం సంగతి. సూపర్ మార్కెట్లకు, మందుల షాపుల గొలుసులకు, పెట్రోలు బంకులకు చోటు చూసేవాళ్లకు ఈ లెక్క పనికొస్తుంది. ఉన్నదున్నట్టుగా మాత్రం కాదు. మొదటి సవరణ, మధ్య అంటే రోడ్డు మధ్య కాదు, జనం మధ్య. ఆ వంద ఇళ్లలో 60 ఇళ్లు మొదటి 300 మీటర్లలోనే ఉంటే, సగం జనం ఇటు సగం జనం అటు ఉండే చోటు 250 మీటర్ల దగ్గర పడుతుంది. అంగళ్లు చేరేది అక్కడికి.

రెండోది అంతకంటే ముఖ్యం. ఎంత దూరమైనా నడిచి వస్తారని లెక్కలో అనుకున్నాం, నిజంలో రారు. 300 మీటర్లు దాటితే రారనుకోండి. ఇద్దరూ 500 దగ్గర కూర్చుంటే 200 నుంచి 800 దాకా ఉన్న 60 ఇళ్లే వస్తాయి, చెరో 30. అదే 300 దగ్గర ఒకరు, 700 దగ్గర ఒకరు ఉంటే చెరో 50. అక్కడి నుంచి మొదటివాడు మధ్యకు 20 మీటర్లు జరిగితే ముందు ఒక ఇల్లు వస్తుంది, వెనక రెండు ఇళ్లు పోతాయి. అందుకే జరగడు. జనం ఎంత దూరం నడుస్తారన్న ఒక్క అంకె తప్పయితే నివేదిక అంతా తప్పే.

ఇంకో పొరపాటు, గుంపుగా అంగళ్లు కనిపించినచోటల్లా ఇదే కారణమని రాసేయడం. తిరుపతిలో పెద్దాసుపత్రి ఎదుట మందుల షాపులు వరుసగా ఉంటే, కొనేవాళ్లంతా ఒకే గేటులోంచి బయటికి రావడమే కారణం, వాళ్లు వీధి పొడవునా పరుచుకొని లేరు. నగల అంగళ్లు ఒకేచోట ఉంటే, నాలుగు చూసి కొనేవాళ్లు అక్కడికి వస్తారని. అలిపిరి మెట్లదారి చూడ్డానికి మన వీధిలాగే ఉంటుంది, 3,550 మెట్లు. కానీ ఎక్కేవాళ్లంతా ఒకవైపే పోతారు, సోడా కోసం వంద మెట్లు వెనక్కి ఎవరూ దిగరు. కాబట్టి అక్కడ నడిమధ్య గీత గీయడం కుదరదు.

ఈ సెలవుల్లో మీ వీధిలోనే చేసి చూడండి. రెండు పాల అంగళ్లున్న వీధి ఎంచుకొని, ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా వచ్చినవాళ్లను ఏ ఇంటి నుంచి వచ్చారో అడిగి రాసుకోండి. దూరాలు అడుగులతో కొలిచినా చాలు. తర్వాత క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇళ్లను మ్యాపు మీద పెట్టి, నడిమధ్య గీత గీయండి. గీతకు ఇవతలి ఇంటివాళ్లు అవతలి అంగడికి పోతుంటే వాళ్లను విడిగా గుర్తు పెట్టుకొని కారణం అడగండి. అప్పు ఇస్తారనో, దారిలో బస్టాపు ఉందనో చెబుతారు. ఇంటర్వ్యూకి పోయేటప్పుడు ఆ మ్యాపూ, ఆ కారణాల కాగితమూ రెండూ పట్టుకెళ్లండి.