ప్రింటర్ రిపేర్ చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: ట్యూషన్ సెంటర్‌లో నెలకు 600 పేజీలు తీస్తాం. లేజర్ ప్రింటర్ ఫ్యూజర్ పోయింది, రిపేర్‌కు 4,500 అడుగుతున్నారు. చేయించమంటారా?

ముందు నెల ఖర్చు చూడండి. టోనర్ డబ్బా మీద 1,500 పేజీలని ఉంటే, అది పేజీలో 5 శాతమే ఇంకు పడుతుందని వేసిన లెక్క. నిండుగా ఉండే ప్రశ్నపత్రాలకు అన్ని రావు. టోనర్ మార్చిన రోజు, అది అయిపోయిన రోజు ప్రింటర్ కౌంటర్ రాసిపెట్టుకుంటే అసలు సంఖ్య తెలుస్తుంది.

మూడు వేల టోనర్‌కు 1,000 పేజీలే వచ్చాయనుకుందాం. పేజీకి 3 రూపాయలు, కాగితం 60 పైసలు. నెలకు 2,160.

14,000 పెట్టి ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొంటే, కాగితంతో కలిపి పేజీ 80 పైసలకు వస్తుందనుకోండి. నెలకు 1,680 మిగులుతుంది. రిపేర్ కంటే అదనంగా పెట్టే 9,500 ఆరు నెలల్లో తిరిగొస్తుంది. అందుకే మీకు రిపేర్ వద్దంటాను.

అదే నెలకు 50 పేజీలైతే మిగిలేది 140 రూపాయలే, ఐదేళ్లు దాటినా పెట్టుబడి రాదు. అప్పుడు రిపేరే మేలు. పైగా ఇంక్ ట్యాంక్‌ను వారాల తరబడి వాడకపోతే హెడ్ ఎండిపోతుంది.