పదం లెక్కన తెలుగు రేటు

ఊళ్లోని నగల షాపువాళ్లు బ్రోషర్ తెలుగులో రాయమంటున్నారు. ఇంగ్లీష్ రైటర్‌కి ఇచ్చినట్టే పదానికి 2 రూపాయలు ఇస్తామంటున్నారు. ఇది సరైన రేటేనా?

కాదు, పదానికి ఒకే రేటు అయితే అదే పనికి మీకు తక్కువ ముడుతుంది. ఇంగ్లీష్‌లో విడిగా ఉండే చిన్న మాటలు తెలుగులో ప్రత్యయాలై అసలు మాటకే అతుక్కుంటాయి. ‘యూ కెన్ పే ఎట్ ద షాప్ ఇట్సెల్ఫ్’ ఏడు పదాలు, ‘షాపులోనే కట్టవచ్చు’ రెండే. ప్రతి వాక్యమూ ఇంతగా కుదించుకుపోదు గానీ, 1,000 పదాల ఇంగ్లీష్ బ్రోషర్ తెలుగులో 700కి వచ్చిందనుకోండి. ఇంగ్లీష్ రైటర్‌కి 2,000 రూపాయలు, మీకు 1,400. సమానం కావాలంటే మీ రేటు దాదాపు 2.86 ఉండాలి. ఈ పైసల బేరం కన్నా ఇంగ్లీష్ ప్రతిలోని పదాలనే లెక్కపెట్టమనడం, లేదా బ్రోషర్ మొత్తానికి ఒక ధర చెప్పడం తేలిక.

పదాలు తక్కువ కాబట్టి పనీ తక్కువే అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. మాటలు తగ్గినా ఒక్కో మాట పొడవు పెరుగుతుంది, అందుకే చదివే సమయం అంతగా తగ్గదు. రాసినదాన్ని చదివి రికార్డు చేసే వాయిస్ కూడా మీదే అయితే పదాల లెక్క వదిలేసి, ఫైనల్ ఆడియో నిమిషాలకు రేటు చెప్పండి. షోరూమ్‌లో వినిపించడానికి ఒక ధర, టీవీ యాడ్‌కి వేరే ధర.

ఇలాంటి షాపులు ఇంకా కావాలంటే పేపర్ జిల్లా ఎడిషన్‌లో యాడ్‌లు చూడండి. తెలుగు తప్పుల తడకగా ఉన్నచోట మీకు పని ఉన్నట్టే.